క్షేత్ర పర్యటన పాఠంలో నాలుగో దశ ఎక్కడ? పాఠ్యప్రణాళికా సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యప్రణాళికా సంఘాల సభ్యులకు, ఉపాధ్యాయ శిక్షకులకు నమస్కారాలు.

అనుభవాత్మక అభ్యసన చక్రం పేరుతో మీరు రూపొందించే పాఠ్యపథకాలలో అనుభవం, పర్యాలోచన, భావన ఏర్పడటం, ప్రయోగం అని నాలుగు గడులు ఉంటాయి. క్షేత్ర పర్యటన పాఠం విషయంలో మొదటి మూడు గడులను ఉపాధ్యాయులు ఏదో ఒక విధంగా నింపగలుగుతున్నారు. నాలుగో గడికి వచ్చేసరికి మాత్రం ‘నివేదిక రాయించుట’ అనో, ‘చార్టు తయారు చేయించుట’ అనో, ‘తరగతిలో ప్రదర్శింపజేయుట’ అనో రాసి ముగిస్తున్నారు. ఇవేవీ ప్రయోగం కావు. ఈ లేఖలో నేను కోరేది ఒక్కటే: క్షేత్ర పర్యటన పాఠంలో నాలుగో దశ నిజంగా ప్రయోగంగానే ఉండాలి. విద్యార్థులు తాము ఏర్పరచుకున్న భావనతో ఇంకా కొలవని చోట ఏం జరుగుతుందో ముందే చెప్పి, అక్కడికి వెళ్లి సరిచూసుకునే అవకాశం అదే పర్యటనలో ఉండాలి. అందుకు కావలసిన సమయాన్నీ మూల్యాంకన పద్ధతినీ పాఠ్యపథకంలోనే రాసి ఇవ్వాలి.

డేవిడ్ కోల్బ్ 1984లో ఈ చక్రాన్ని గ్రంథరూపంలో వివరించినప్పుడు జాన్ డ్యూయీ, కర్ట్ లెవిన్, జీన్ పియాజేల ఆలోచనలను ఆధారం చేసుకున్నాడు. అనుభవం దానంతట అదే జ్ఞానం కాదనీ, అది రూపాంతరం చెందినప్పుడే జ్ఞానమవుతుందనీ ఆయన వాదన. ప్రయోగ దశకు ఆయన ఇచ్చిన స్థానం ఈ వాదన నుంచే వచ్చింది. నేర్చుకున్నదాన్ని పదిమందికి చూపించడం ఆ దశ పని కాదు. ఏర్పడిన భావనను లోకం మీద ప్రయోగించి, లోకం ఇచ్చే జవాబును కొత్త అనుభవంగా స్వీకరించడం దాని పని. ఆ జవాబు వెనక్కి వస్తేనే చక్రం తిరుగుతుంది. చార్టు గోడకు తగిలించాక దాని నుంచి తిరిగి వచ్చే జవాబు ఏదీ ఉండదు. అందులోని భావన తప్పైనా అది గోడ మీద అందంగానే కనిపిస్తుంది. అనుభవం నుంచి నేర్చుకోవాలని జీవితమంతా వాదించిన డ్యూయీయే 1938లో, అన్ని అనుభవాలూ సమానంగా విద్యను ఇవ్వవనీ, కొన్ని విద్యకు అడ్డు కూడా వస్తాయనీ హెచ్చరించాడు. క్షేత్ర పర్యటనల గురించి ఆలోచించేటప్పుడు ఆ హెచ్చరికను గుర్తుంచుకోవడం మంచిది.

ఈ విషయాన్ని సాధారణ సూత్రాలలో చెబితే అందరూ తలలూపి వదిలేసే ప్రమాదం ఉంది కనుక ఒకే ఒక పాఠాన్ని తీసుకుని చివరిదాకా నడిపిస్తాను. ఉన్నత పాఠశాల విద్యార్థులను ఒక వాగు దగ్గరికి తీసుకువెళ్లి ప్రవాహాన్ని కొలిపించే పాఠం అది. అంకెలు ఉదాహరణ కోసం నేను ఎంచుకున్నవే అయినా, చేతితో కొలిచే చిన్న ప్రవాహాలలో ఇలాంటి విలువలు రావడం మామూలే.

బయలుదేరే ముందే విద్యార్థుల ముందు ఒక ప్రశ్న పెట్టాలి: వాగు వెడల్పుగా ఉన్న చోట ఎక్కువ నీరు పోతుందా, ఇరుకుగా ఉన్న చోట ఎక్కువ నీరు పోతుందా? ప్రతి ఒక్కరూ తమ జవాబును, దానికి తమకు తోచిన కారణాన్ని నోటుబుక్కులో రాసుకోవాలి. చాలామంది ఇరుకు చోటు పేరే రాస్తారు, ఎందుకంటే అక్కడ నీరు వేగంగా పరుగెత్తుతుందని వారికి తెలుసు. కొందరు వెడల్పు చోటు పేరు రాస్తారు, అక్కడ నీరు ఎక్కువగా కనిపిస్తుంది కనుక. ఏది రాసినా ఉపాధ్యాయుడు ఆ పూట సరిదిద్దకూడదు. ఆ రాతే తర్వాతి పర్యాలోచనకు ముడిసరుకు.

స్థలాన్ని ఎంచుకోవడంలోనే పాఠం సగం నిర్ణయమైపోతుంది. ఒకే వాగు మీద దగ్గర దగ్గరగా మూడు చోట్లు కావాలి: ఒకటి వెడల్పుగా, ఒకటి ఇరుకుగా, మూడోది ఈ రెండింటికీ భిన్నమైన ఆకారంలో. వాటి మధ్య మరో పాయ వచ్చి కలవకూడదు, కాలువ తీసి నీటిని మళ్లించకూడదు. ఎక్కడా లోతు మోకాలు దాటకూడదు. ఎగువన వాన పడిందని తెలిస్తే ఆ రోజు పర్యటన మానుకోవాలి. ఉపాధ్యాయుడు ముందుగా ఒంటరిగా వెళ్లి ఈ మూడు చోట్లనూ తానే కొలిచి రావాలి, ఎందుకో తర్వాత చెబుతాను.

కొత్త చోటికి వెళ్లిన పిల్లల దృష్టి మొదట పాఠం మీద ఉండదు. నిర్ ఓరియన్, అవి హాఫ్‌స్టైన్ అనే విద్యా పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో ఈ కొత్తదనానికి మూడు ముఖాలున్నాయని చెప్పారు: విషయం కొత్త, స్థలం కొత్త, బడి బయట చదువుకోవడమనే పరిస్థితి కొత్త. ఈ మూడింటినీ ముందే కొంత తగ్గించి తీసుకువెళ్లిన విద్యార్థులు క్షేత్రంలో మెరుగ్గా నేర్చుకుంటారని వారి వాదన. వాగు పాఠానికి దీన్ని అన్వయిస్తే చేయవలసినవి పెద్దవేమీ కావు. టేపు పట్టడం, గడియారం ఆపడం, అంకెలు రాయడం బడి ఆవరణలోనే ఒకసారి చేయించాలి. స్థలం పటాన్ని చూపించి ఎవరు ఎక్కడ నిలబడతారో చెప్పాలి. ఎప్పుడు తింటారో, ఎప్పుడు తిరిగి వస్తారో కూడా చెప్పాలి. చివరిది పాఠానికి సంబంధం లేనిదిగా అనిపించవచ్చు గానీ, అది తెలియని పిల్లవాడు సగం సేపు దాని గురించే ఆలోచిస్తాడు.

వాగు దగ్గర మొదటి ఐదు నిమిషాలు ఎవరి చేతిలోనూ పరికరం ఉండకూడదు. విద్యార్థులు జట్లుగా వెడల్పు చోటా ఇరుకు చోటా నీళ్లలో నిలబడి, కాళ్ల మీద నీటి తోపుడు ఎలా ఉందో, అడుగున ఇసుక కదులుతోందో లేదో, పైన తేలే ఆకు ఎటు పోతోందో గమనించాలి. ఈ ఐదు నిమిషాలను తగ్గించడానికి ఎన్ని కారణాలైనా దొరుకుతాయి, కానీ తగ్గించవద్దని నా మనవి. టేపు చేతికి వచ్చాక పిల్లలు అంకెను చూస్తారు, నీటిని చూడరు. కోల్బ్ చెప్పిన మూర్తానుభవం అంకెలో లేదు, కాళ్లకు తగిలిన ఆ తోపుడులో ఉంది. తర్వాత అంకెల మీద అనుమానం వచ్చినప్పుడు వారు తిరిగి వెళ్లగలిగేది దాని దగ్గరికే.

ఇక కొలత. వెడల్పు చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తాడు కట్టి కొలిస్తే 4 మీటర్లు వచ్చిందనుకుందాం. తాడు వెంట ప్రతి అర మీటరుకూ కర్ర దించి లోతు చూస్తే వరుసగా 10, 22, 32, 38, 40, 34, 24 సెంటీమీటర్లు వచ్చాయి. వీటి మొత్తం 200 సెంటీమీటర్లు, అంటే 2 మీటర్లు. దాన్ని అర మీటరుతో గుణిస్తే నీటి మధ్యచ్ఛేద వైశాల్యం 1 చదరపు మీటరు అవుతుంది. వేగం కోసం ప్రవాహం వెంట 10 మీటర్ల దూరం గుర్తుపెట్టి, ఎగువ గుర్తుకు కొంచెం పైనుంచి నడి ప్రవాహంలో ఒక తేలే వస్తువును వదలాలి. గాలికి కొట్టుకుపోకుండా ఎక్కువ భాగం నీటిలో మునిగి ఉండే వస్తువు కావాలి, సగానికి పైగా నీరు నింపి మూత బిగించిన చిన్న సీసా ఇందుకు సరిపోతుంది. ఐదు సార్లు వదిలితే 23, 26, 25, 27, 24 సెకన్లు పట్టాయి, సగటు 25. అంటే పైపొర వేగం సెకనుకు 0.4 మీటర్లు.

ఇక్కడ ఉపాధ్యాయుడు ఒక విషయాన్ని నేరుగా చెప్పేయాలి. పైన తేలే సీసా పైపొర వేగాన్నే చూపిస్తుంది. అడుగున రాళ్ల ఒరిపిడి వల్ల నీరు నెమ్మదిగా కదులుతుంది కనుక సగటు వేగం అంతకంటే తక్కువ. అందుకే పైపొర వేగాన్ని సాధారణంగా 0.85తో గుణిస్తారు. లోతు తక్కువగా, అడుగు గరుకుగా ఉంటే ఈ గుణకం ఇంకా తగ్గుతుంది. ఈ సంఖ్యను పిల్లలు తామే కనుక్కోవాలని పట్టుబట్టడంలో అర్థం లేదు. వారి దగ్గర ఉన్న పరికరాలతో అది తేలదు, ఆ పూట వారు తేల్చవలసిన సంగతీ అది కాదు. గుణకం వేసి లెక్కిస్తే వెడల్పు చోట సగటు వేగం సెకనుకు 0.34 మీటర్లు, దాన్ని 1 చదరపు మీటరుతో గుణిస్తే సెకనుకు 0.34 ఘనపు మీటర్లు, అంటే 340 లీటర్లు.

ఇరుకు చోట ఇదే పని చేస్తే వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 30 సెంటీమీటర్లు, వైశాల్యం 0.6 చదరపు మీటర్లు వచ్చాయి. సీసాకు పట్టిన కాలం సగటున 14.8 సెకన్లు. లెక్కకడితే సెకనుకు సుమారు 345 లీటర్లు వచ్చింది.

ఇక్కడి నుంచి పర్యాలోచన మొదలవుతుంది. ఎక్కువ పర్యటనలలో పాఠం జారిపోయేది కూడా ఇక్కడే. రెండు అంకెలూ దాదాపు సమానమని కనిపించగానే ‘చూశారా పిల్లలూ, రెండు చోట్లా ఒకే నీరు పోతోంది’ అని చెప్పాలని ఉపాధ్యాయుడి నోరు ఊరుతుంది. ఆ వాక్యం ఉపాధ్యాయుడి నోటి నుంచి వచ్చిన మరుక్షణం రెండో దశ ముగిసిపోతుంది, మూడో దశ కూడా దానితో పాటే పోతుంది. అప్పటి నుంచి పిల్లలు చేసేది రాసుకోవడమే.

దానికి బదులు ఎవరితోనూ మాట్లాడకుండా ప్రతి విద్యార్థీ ఇరవై నిమిషాలు ఒంటరిగా రాయాలి. ప్రశ్నల వరుస ముఖ్యం. మొదట ఏం చూశాను, ఏం కొలిచాను. తర్వాత ఇది జరుగుతుందని ముందు నేను ఏం అనుకున్నాను. ఆ పైన ఈ రెండూ ఎక్కడ కలవడం లేదు. చర్చ ఆ తర్వాతే. ముందుగా చర్చ పెడితే గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురి ఆలోచన జట్టంతటి ఆలోచనగా నమోదవుతుంది, మిగిలినవారి సందేహాలు బయటికి రావు.

ఈ రాతలో ఉపాధ్యాయుడు వెతకవలసింది ఒకటుంది. ఒక విద్యార్థి ‘ఇరుకు చోట నీళ్లు ఎక్కువగా వస్తున్నాయి’ అని రాశాడనుకుందాం. అది చూసిన విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. అతను చూసింది సీసా 10 మీటర్లను తక్కువ కాలంలో దాటడం. ‘ఎక్కువ’ అన్నది అతను దానికి చేర్చిన అర్థం. ఆ విద్యార్థి పక్కన కూర్చుని ‘నువ్వు చూసింది ఏది, అనుకున్నది ఏది, వేరు వేరుగా గీత గియ్యి’ అని మాత్రమే చెప్పాలి. గీత గీసిన తర్వాత అతనికే కనిపిస్తుంది: వేగం ఎక్కువ, కానీ లెక్కలో నీరు ఎక్కువ కాదు. ముందు రాసుకున్న జవాబుకూ వచ్చిన అంకెకూ పొంతన లేదన్న చికాకు అక్కడే పుడుతుంది. పర్యాలోచన అంటే ‘ఈ పర్యటన నాకు చాలా ఆనందాన్ని కలిగించింది’ అని రాయడమని మన నివేదిక పత్రాలు పిల్లలకు నేర్పాయి. ఆనందం కలిగితే సంతోషమే, కానీ దాని మీద భావన ఏదీ నిలబడదు. నిలబడేది ఈ చికాకు మీద.

మూడో దశలో విద్యార్థులు తమ అంకెలను పక్కపక్కన పెట్టి, ఏది మారింది, ఏది మారలేదు అని ప్రశ్నించుకోవాలి. వైశాల్యం 1 నుంచి 0.6కు తగ్గింది. వేగం 0.34 నుంచి సుమారు 0.57కు పెరిగింది. రెండింటి లబ్ధం మాత్రం ఉన్నచోటే ఉంది. మధ్యలో నీరు చేరే దారి లేదు, పోయే దారి లేదు, నిలవ ఉండే చోటు లేదు. కాబట్టి ఒక సెకనులో పై నుంచి ఎంత వస్తే కిందికి అంతే పోవాలి. చోటు ఇరుకైతే వేగం పెరగక తప్పదు. పిల్లలు తమ మాటల్లో ఇంతదాకా వచ్చాక సూత్రాన్ని, అంటే ప్రవాహ రేటు వైశాల్యానికీ సగటు వేగానికీ లబ్ధమన్న సంబంధాన్ని, ఉపాధ్యాయుడు రాసి చూపవచ్చు. దానికి సాంకేతిక పేరు కూడా అప్పుడే చెప్పవచ్చు. కొందరు పిల్లలు అంతదాకా రారు. వారి కోసం మరో పావుగంట ఎదురుచూడటం కంటే, వారు రాసిన అంకెలనే చూపిస్తూ సంబంధాన్ని వివరించడం మేలు. అనుభవాత్మక అభ్యసనమంటే ఉపాధ్యాయుడు మౌనవ్రతం పట్టడమని అర్థం చేసుకున్నవారు కొందరున్నారు. కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో రాసిన వ్యాసంలో, విషయం కొత్తగా నేర్చుకునేవారిని తగిన మార్గదర్శనం లేకుండా వదిలేస్తే నేర్చుకోవడం దెబ్బతింటుందని గట్టిగా వాదించారు. వారి వాదనలో అన్నింటితో నేను ఏకీభవించను గానీ, ఈ హెచ్చరికను మాత్రం క్షేత్ర పర్యటనలు నడిపేవారు తోసిపుచ్చలేరు.

ఇంతవరకూ వచ్చాక సాధారణంగా బస్సు ఎక్కమంటారు. పాఠంలో అసలు పని జరగవలసింది ఆ తర్వాత.

మూడో చోటును ఎవరూ ఇంకా ముట్టుకోలేదు. అక్కడ విద్యార్థులు వేగం కొలవకుండా వెడల్పు, లోతు మాత్రమే కొలవాలి. వెడల్పు 5 మీటర్లు, సగటు లోతు 30 సెంటీమీటర్లు, వైశాల్యం 1.5 చదరపు మీటర్లు. పై నుంచి వచ్చే నీరు సెకనుకు 340 లీటర్లే కనుక సగటు వేగం సుమారు 0.227 మీటర్లు ఉండాలి. పైపొర వేగం దాన్ని 0.85తో భాగిస్తే వచ్చే 0.267 మీటర్లు. కాబట్టి 10 మీటర్లు దాటడానికి సీసాకు 37 లేక 38 సెకన్లు పట్టాలి. ఈ అంకెను, దాని వెనుక ఉన్న లెక్కను ప్రతి జట్టూ కాగితం మీద రాసి ఉపాధ్యాయుడికి ఇచ్చిన తర్వాతే సీసాను నీళ్లలో వదలాలి. ముందు రాయకపోతే, వచ్చిన అంకె ఏదైనా ‘మేము అనుకున్నదే’ అనిపిస్తుంది. మనిషి మనసు అలాంటిది, పెద్దలది కూడా.

సీసా 30 సెకన్లలోనే దాటింది. మళ్లీ వదిలినా 30కి అటూ ఇటూ. అంటే పైపొర వేగం 0.333 మీటర్లు, సగటు 0.283. వైశాల్యంతో గుణిస్తే సెకనుకు 425 లీటర్లు. ఎగువన 340 లీటర్లున్న వాగు ఇక్కడ 85 లీటర్లు పెరిగింది, సరిగ్గా నాలుగో వంతు ఎక్కువ.

చేతితో చేసే కొలతల్లో పదో వంతు తేడా రావడం వింత కాదు. మొదటి రెండు చోట్లా 340, 345 వచ్చినప్పుడు ఆ 5 లీటర్ల గురించి ఎవరూ వాదించనవసరం లేదు. నాలుగో వంతు తేడాను మాత్రం ‘కొలతలో పొరపాటు’ అని కొట్టిపారేయలేం. విద్యార్థులు అప్పుడు కారణాలు వెతుకుతారు. గడియారం సరిగ్గా ఆపలేదేమో అని ఒకరు అంటే, మనిషిని మార్చి మళ్లీ కొలుస్తారు, అంకె మారదు. ఎక్కడో నీరు వచ్చి చేరుతోందేమో అని మరొకరు అంటే, ఒడ్డు వెంట నడిచి చూస్తారు, ఏ పాయా కనిపించదు, తడి ఊట కూడా కనిపించదు. ఒడ్డు పక్కన కూడా సీసాను వదిలి చూద్దామన్న ఆలోచన ఎవరికో ఒకరికి వస్తుంది, రాకపోతే ‘మీరు సీసాను ఎప్పుడూ నడి ప్రవాహంలోనే ఎందుకు వదులుతున్నారు?’ అని ఉపాధ్యాయుడు అడగవచ్చు. ఎడమ ఒడ్డు నుంచి నీళ్లలోకి పొడుచుకు వచ్చిన బండ కింద సీసాను వదిలితే అది ముందుకు పోదు. అక్కడే నెమ్మదిగా తిరుగుతుంది, ఒక్కోసారి అర అడుగు ఎగువకు కూడా వస్తుంది. ఆ పక్కనే ఎండుటాకులు ఒకచోట గుమిగూడి కదలకుండా ఉంటాయి, ఉదయం నుంచీ అందరి కళ్లముందే ఉన్నా ఎవరూ పట్టించుకోని ఆకులు అవి.

ఆ బండ చాటున 1 మీటరు వెడల్పున నీరు నిలబడి ఉంది, దాని వైశాల్యం 0.3 చదరపు మీటర్లు. 1.5 నుంచి దాన్ని తీసేస్తే 1.2. దాన్ని 0.283తో గుణిస్తే మళ్లీ సెకనుకు 340 లీటర్లు. లెక్క కుదిరింది, కానీ భావన మొదట ఉన్నట్టు లేదు. మూడో దశలో ‘నీటి వైశాల్యం’ అని రాసుకున్నది ఇప్పుడు ‘కదిలే నీటి వైశాల్యం’ అయింది. నీరున్న చోటల్లా ప్రవాహం ఉండదన్న సంగతి ఏ చార్టూ వారికి చెప్పి ఉండేది కాదు. చక్రం రెండోసారి మొదలైంది, ఈసారి అనుభవం ఆ బండ చాటు నీరు. కోల్బ్ మాటల్లో ప్రయోగం కొత్త అనుభవాన్ని ఇవ్వడమంటే ఇదే. ఉపాధ్యాయుడు ముందుగా ఒంటరిగా వెళ్లి కొలిచి రావాలని నేను అన్నది కూడా ఇందుకే. అంచనా నూటికి నూరుపాళ్లూ నిజమయ్యే చోటును కాకుండా, కొంత తప్పి, ఆ తప్పుకు కారణం పిల్లల చేతికి అందేంత దూరంలో ఉండే చోటును వెతకాలి. కారణం అందనంత దూరంలో ఉంటే, ఉదాహరణకు నీరు అడుగున ఇసుకలోకి ఇంకిపోతుంటే, పిల్లలకు మిగిలేది అయోమయమే.

పాఠం పట్టాలు తప్పిందని ఎలా తెలుస్తుందంటే, నివేదికలు చదివితే చాలు. తరగతి అంతా దాదాపు ఒకే వాక్యాలు రాసి ఉంటే పర్యాలోచన జరగలేదని అర్థం, అవి ఉపాధ్యాయుడి వాక్యాలు. సూత్రం మొదటి పేజీలో, అంకెలు రెండో పేజీలో ఉంటే భావన అనుభవం కంటే ముందు వచ్చిందని అర్థం, పిల్లలు దానికి తగ్గట్టు అంకెలను సర్దుకుని కూడా ఉండవచ్చు. మూడో చోట అంచనా కాగితమే లేకుండా కొలత మాత్రమే ఉంటే అది ప్రయోగం కాదు, మొదటి దశను మరోసారి చేయడం. అన్ని జట్ల అంచనాలూ నిజమయ్యాయని ఉంటే ఆ కాగితాలు ఎప్పుడు రాశారో అడగండి.

ఈ చక్రానికి పరిమితులు లేవని నేను అనడం లేదు. పిల్లల ఆలోచన నాలుగు దశలను ఎప్పుడూ వరుసగా తొక్కదు. సీసా వదులుతుండగానే ఒకరికి భావన తట్టవచ్చు, చర్చ మధ్యలో లేచి మరొకరు మళ్లీ కొలిచి రావచ్చు. వారిని వెనక్కి పిలిచి ‘ఇది పర్యాలోచన దశ, ఇప్పుడు కొలవకూడదు’ అనడం హాస్యాస్పదం. దశలు ఉపాధ్యాయుడి ప్రణాళికకు పనికివస్తాయి, ఏ దశకూ చోటు లేకుండా పోలేదని సరిచూసుకోవడానికి. అలాగే కోల్బ్ చక్రం నుంచే పుట్టిన అభ్యసన శైలుల ప్రశ్నావళితో పిల్లలను నాలుగు రకాలుగా విడదీసి, ‘ఇతను చేసి నేర్చుకునేవాడు, ఈమె ఆలోచించి నేర్చుకునేది’ అని జట్లు కట్టడం మీ శిక్షణలలో కనిపిస్తోంది. శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు చేసిన సమీక్ష తేల్చింది. వాగు పాఠంలోనైతే దాని నష్టం కళ్లకు కనిపిస్తుంది: ఆలోచించేవారిగా ముద్రపడినవారు ఒడ్డున కూర్చుని లెక్కలు వేస్తారు, నీటి తోపుడు వారి కాళ్లకు తగలనే తగలదు. నాలుగు దశలూ ప్రతి విద్యార్థికీ కావాలి.

ఇక మీ ముందు ఉంచుతున్న మార్పుల విషయానికి వస్తాను. మొదటిది సమయం. వాగు దగ్గర మూడు గంటలుంటే ఈ పాఠం సరిపోతుంది. అందులో మొదటి రెండు చోట్ల అనుభవానికీ కొలతకూ 70 నిమిషాలు, ఒంటరి రాతకు 20, చర్చకూ భావనకూ 40, మూడో చోట ప్రయోగానికి 50 నిమిషాలు. ఇప్పటి ప్రణాళికల్లో ఇంత సమయం లేదంటే, పర్యటనలో చూపించే స్థలాల సంఖ్యను తగ్గించండి. ఒకే రోజు ఐదు స్థలాలు చుట్టి రావడం మంచి విహారయాత్ర కావచ్చు, అందులో ఈ చక్రానికి చోటు దొరకదు. ఒకే రోజు కుదరని బడులకు ప్రయోగాన్ని మరో పూటకు వాయిదా వేసే వెసులుబాటు ఇవ్వండి. అయితే ఆ ఎడం వారం దాటితే పిల్లల దగ్గర అంకెలు మిగులుతాయి గానీ అనుభవం మసకబారిపోతుంది, వాగులో నీటిమట్టం కూడా మారిపోయి ఉంటుంది. అప్పుడు మొదటి చోటును మళ్లీ కొలిచాకే అంచనా వేయాలి.

రెండోది నివేదిక పత్రం. ‘చూసినవి’, ‘నేర్చుకున్నవి’ అన్న రెండు శీర్షికల స్థానంలో వెళ్లే ముందు నా జవాబు, నేను చూసింది, నేను అనుకున్నది, రెండూ కలవని చోటు, నా అంచనా, వచ్చిన ఫలితం, భావనలో నేను మార్చుకున్నది అన్న శీర్షికలు ఉండాలి. మొదటి శీర్షికను బడిలోనూ, అంచనా శీర్షికను ప్రయోగానికి ముందూ నింపి ఉపాధ్యాయుడి సంతకం తీసుకోవాలి. సంతకం అనగానే అనుమానపు పనిలా తోచవచ్చు, కానీ దాని ప్రయోజనం రాసిన అంచనాను తర్వాత దిద్దాలన్న కోరిక నుంచి పిల్లలను కాపాడటమే.

మూడోది మార్కులు. అంచనా నిజమైందా లేదా అన్నదానికి ఒక్క మార్కు కూడా ఇవ్వకండి. ఇస్తే పక్క జట్టు ఫలితం చూసి రాసేవారే గెలుస్తారు, తప్పిన అంచనా దగ్గర ఆగి ఆలోచించినవారు ఓడిపోతారు. అంచనాకు లెక్క చూపారా, తేడా వచ్చినప్పుడు ఏ ఏ కారణాలను అనుమానించారు, ఒక్కో కారణాన్ని ఏం చేసి పరీక్షించారు, చివరకు తమ భావనను ఏ మాటలలో మార్చి రాసుకున్నారు అన్నవాటికి మార్కులు ఇవ్వండి. పై ఉదాహరణలో గడియారం సరిగ్గా ఆపలేదేమోనని మనిషిని మార్చి కొలిచిన విద్యార్థి అనుమానం తప్పే, కానీ అతను దాన్ని పరీక్షించి పక్కన పెట్టాడు. బండ చాటు నీటిని కనిపెట్టినవారికి ఎన్ని మార్కులో అతనికీ అన్ని మార్కులు రావాలి.

ఉపాధ్యాయ శిక్షకులకు ప్రత్యేకంగా ఒక మనవి. శిక్షణ తరగతిలో ఈ నాలుగు దశలను తెర మీద బొమ్మగా చూపించి వివరించడం ఆపి, ఉపాధ్యాయులనే ఒక పూట నీళ్లలోకి దించండి. వారితో అంచనా కాగితం రాయించండి, అది తప్పేలా చూడండి, కారణం వెతకడానికి గంట సమయం ఇవ్వండి. ఆ గంటలో మీరు జవాబు చెప్పకుండా ఎంతసేపు ఉండగలిగారో, ఎక్కడ చెప్పవలసి వచ్చిందో రాసుకుని, తర్వాతి శిక్షణ కరదీపికలో ఆ వివరాన్ని చేర్చండి. వాగు అందుబాటులో లేని చోట కాలువైనా, బడి వెనుక వాన నీరు పోయే మోరీ అయినా సరిపోతుంది, దాని మీద మూడు వేర్వేరు వెడల్పులు దొరికితే చాలు.

భవదీయుడు,
క్షేత్ర పర్యటన పాఠాలు నడిపే ఒక విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు